ఇంకా ఎన్ని జీతాలు?

దుబాయ్ సోనాపూర్ లేబర్ క్యాంపులో కొత్తగా గదిలోకి వచ్చినవాణ్ని మొదట అడిగేది ఊరు పేరు. ఆ తర్వాత ఏ కంపెనీ, ఏ పని, ఎంత జీతం. నెల తిరిగేసరికి ఆ ప్రశ్నలన్నీ అయిపోయి ఒక్కటే మిగులుతుంది. “తమ్మీ, నీయి ఇంకెన్ని ఉన్నయ్?” దానికి జవాబు రోజుల్లో ఎవరూ చెప్పరు. ఇరవై రెండు జీతాలు, పదిహేడు జీతాలు, ఆరు జీతాలు అంటారు. క్యాంపులో రోజుకు విలువ లేదు. జీతం పడితేనే ఒక నెల గడిచినట్టు.

ఇరవై నాలుగు నెలల కాంట్రాక్టు అంటే ఇరవై నాలుగు జీతాలని ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడు అందరూ అనుకునేదే. అందులో తనవి ఎన్నో, అప్పువి ఎన్నో, చివర్లో కంపెనీ చేతిలో ఇరుక్కునేవి ఎన్నో లెక్క కట్టి చూస్తే కథ వేరుగా ఉంటుంది. ఆ కథ చెప్పడానికి ఒక మనిషిని తీసుకుంటాను. అతనికి పేరు పెట్టడం లేదు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు పల్లెల్లో ఇలాంటి బతుకులు ఎన్నో ఉన్నాయి కాబట్టి వాటిని ఒక్కరిలోకి కుదించి, లెక్కలు తేలిగ్గా అర్థమయ్యేలా గుండ్రంగా వేసుకున్నాను. దిర్హం 23 రూపాయలు అనుకుందాం.

అతనికి జగిత్యాల దగ్గర ఎకరంన్నర పొలం, రెండుసార్లు వేసినా నీళ్లు పడని బోరు, బడికి పోయే కూతురు ఉన్నారు. షట్టరింగ్ పనిలో హెల్పర్‌గా పోతున్నాడు. ఏజెంటు నోటితో చెప్పిన మాట “జీతం వెయ్యి దిర్హాలు, రూము, బస్సు కంపెనీవే.” ఖర్చు లక్ష రూపాయలన్నాడు. ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తికి తెచ్చాడు.

నిజానికి లక్ష ఎందుకు? పదో తరగతి పాసు కానివాళ్లకు ఇచ్చే ఈసీఆర్ పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కు పోవాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి కావాలి. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు అతని దగ్గర తీసుకోదగ్గ సేవారుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ కలిపితే 35,400. దానికి రసీదు ఇవ్వాలి. అటు యూఏఈ చట్టమైతే పనివాణ్ని తెచ్చుకునే ఖర్చు యజమానిదే, పనివాడి దగ్గర వసూలు చేయకూడదు అంటుంది. మరి మిగిలింది ఎక్కడికి పోయింది? ఊరి సబ్ ఏజెంటుకు కొంత, పట్నంలో అతని పైవాడికి కొంత. ఈ సబ్ ఏజెంటుకు లైసెన్సు ఉండదు, రసీదు రాయడు. “మనోడే” అన్న ఒక్క మాట మీద లక్ష చేతులు మారుతుంది.

ఇంకా చవగ్గా పంపిస్తానని విజిట్ వీసా మీద ఎక్కించేవాళ్లూ ఉన్నారు. అలా పోయినవాడికి మన ప్రభుత్వం దగ్గర కాంట్రాక్టు నమోదు కాదు. ఈసీఆర్ వాళ్లకు తప్పనిసరైన ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉండదు. రెండేళ్లకు 275 రూపాయల ప్రీమియం కడితే ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా వికలాంగుడైనా పది లక్షలు వచ్చే బీమా అది. మనవాడు అంతవరకు నయం, ఎంప్లాయిమెంట్ వీసా మీదనే పోయాడు.

కాంట్రాక్టు కాగితం చేతికొచ్చినప్పుడు అందులో వెయ్యి ఉందా అని చూసుకున్నాడు. ఉంది. కాకపోతే ఒకే అంకెగా లేదు. బేసిక్ 800, భోజన అలవెన్సు 200 అని రెండు ముక్కలుగా ఉంది. కలిపితే వెయ్యే కదా అని సంతకం పెట్టాడు. యూఏఈలో 2016 నుంచి ఈ ఆఫర్ లెటర్‌ను, కాంట్రాక్టును అరబిక్, ఇంగ్లిషుతో పాటు పనివాడికి తెలిసిన మూడో భాషలో కూడా ఇచ్చే ఏర్పాటు వచ్చింది. అప్పుడు పెట్టిన భాషల్లో హిందీ, ఉర్దూ, మలయాళం, తమిళం, బెంగాలీ ఉన్నాయి గానీ తెలుగు లేదు. మనవాడు హిందీ మాట్లాడతాడు, చదవలేడు. ఆ 800, ఆ 200 అతన్ని రెండేళ్లు వెంటాడబోతున్నాయని అప్పుడు తెలియదు.

దిగిన మొదటి రెండు వారాలు మెడికల్, వేలిముద్రలు, ఎమిరేట్స్ ఐడీ పనులతో పోయాయి. గదిలో ఎనిమిది మంది, నాలుగు డబుల్ మంచాలు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ముందురోజు రాత్రి వండిన అన్నం, పప్పు డబ్బాలో పెట్టుకుని బస్సెక్కడం. సైటులో షట్టరింగ్ ప్లైవుడ్ మోయడం, మేకులు పీకడం, జాకీలు బిగించడం. ఎండాకాలంలో అయితే జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఆరుబయట పని చేయించకూడదని అక్కడి నియమం. దాన్ని తప్పితే కంపెనీకి ఒక్కో మనిషికి 5,000 దిర్హాలు జరిమానా. కాబట్టి చాలా సైట్లలో ఆ వేళకు పని ఆగుతుంది. మిగతా గంటలు మాత్రం ఎండలోనే. ఇరవై నాలుగు నెలల్లో అలాంటి ఎండాకాలాలు రెండు దాటాలి.

రోజుకు రెండు గంటలు ఓవర్‌టైమ్ దొరుకుతుందనుకుందాం. చట్టం ప్రకారం ఓటీ గంటకు మామూలు గంట కూలీ మీద పాతిక శాతం ఎక్కువ ఇవ్వాలి. అయితే ఆ గంట కూలీ లెక్క కట్టేది బేసిక్ మీద, మొత్తం జీతం మీద కాదు. ఎనిమిది వందలను ముప్పై రోజులకు, ఎనిమిది గంటలకు పంచితే గంటకు మూడు దిర్హాల చిల్లర, పాతిక శాతం కలిపితే నాలుగు దాటుతుంది. ఇరవై ఆరు పనిరోజులకు 52 గంటలు, అంటే నెలకు 217 దిర్హాలు. బేసిక్కే వెయ్యి ఉంటే ఇదే కష్టానికి 271 వచ్చేవి. నెలకు 54 దిర్హాలు ఆ కాగితంలోని గీతకు పోయాయి. మెస్సుకు పడే వాటాలో ఆరో వంతు అది.

ఇప్పుడు ఇంటి లెక్క చూద్దాం. జీతం, ఓటీ కలిపి సుమారు 1,200. మెస్సు, ఫోను, సబ్బులు, అప్పుడప్పుడు ఒక కోడి కలిపి 400 పోతే 800 మిగులుతుంది. ఎక్స్చేంజిలో వేస్తే ఇంటికి 18,400 రూపాయలు. అందులో ఇంటి ఖర్చు, కూతురి బడి కలిపి ఎనిమిది వేలు. మిగిలిన 10,400 అప్పుకు.

మొదటి నెల పనిరోజులు తక్కువ, ఆ జీతం చేతికొచ్చేసరికి రెండో నెల నడుస్తోంది, మందులకూ దుప్పటికీ సిమ్ముకూ అప్పుచేసినవి తీర్చాలి. ఇంటికి సరిగ్గా డబ్బు పంపింది మూడో నెల ఆఖరున. అప్పటికే మిత్తి ఆరు వేలు పెరిగి అప్పు లక్షా ఆరు వేలయింది. అక్కణ్నుంచి నెలనెలా 10,400 కడుతూ పోతే ఆరు నెలలు దాటినప్పుడు బాకీ ఇంకా డెబ్భై వేలకు దగ్గరగా ఉంది. ఏడాది నిండిన రోజున పన్నెండు వేల పైచిలుకు మిగిలింది. అప్పు పూర్తిగా తీరింది పద్నాలుగో నెలలో. ఈ మధ్యలో జ్వరం రాకూడదు, ఇంట్లో చావూ పెళ్లీ ఉండకూడదు, కంపెనీ జీతం ఆపకూడదు. ఏది జరిగినా పద్నాలుగు కాస్తా పదహారో, పద్దెనిమిదో అవుతుంది.

అదే మనిషి చట్టం చెప్పిన 35,400 మాత్రమే కట్టి పోయి ఉంటే? ఇదే జీతం, ఇదే మిత్తి, ఇదే ఆలస్యం అనుకున్నా అప్పు ఆరో నెలలో తీరిపోయేది. ఆ సబ్ ఏజెంటు తిన్నది రూపాయల్లో కంటే నెలల్లో చెబితే బాగా అర్థమవుతుంది. ఒక మనిషి ఎండలో చేసిన ఎనిమిది నెలల పని.

పద్నాలుగు జీతాలు అప్పుకు పోయేవాడు అంతదాకా సైటు వదలలేడు. ఫోర్‌మన్ తిట్టినా, ఓటీ గంటలు కోసి రాసినా ఊరుకుంటాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టానికి విరుద్ధమే అయినా అడగడు. ఒళ్లు మండి బయటపడినవాళ్లూ ఉంటారు. చెప్పాపెట్టకుండా వేరేచోట రోజుకూలీకి పోతారు. క్యాంపుల్లో వాళ్లను “కల్లివెల్లి అయిండు” అంటారు. వరసగా ఏడు రోజులకు మించి కారణం లేకుండా రాకపోతే కంపెనీ పరారీ అని ఫిర్యాదు చేయవచ్చు, నోటీసు లేకుండానే తీసేయవచ్చు. కూలీ మొదట్లో ఎక్కువే దొరుకుతుంది. కానీ వీసా గడువు దాటాక రోజురోజుకూ జరిమానా పెరుగుతుంది, దెబ్బ తగిలితే ఆసుపత్రికి పోవడానికి భయం, ఇంటికి పోవడానికి దారి లేదు. యూఏఈ 2024 సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 వరకు ఆమ్నెస్టీ ప్రకటించినప్పుడు జరిమానా లేకుండా బయటపడే అవకాశం వచ్చింది. అలాంటి తలుపు ఎప్పుడు తెరుస్తారో ముందుగా తెలిసేది కాదు.

మనవాడు కల్లివెల్లి కాలేదు. పద్దెనిమిదో జీతం వచ్చాక నెలలు లెక్కపెట్టడం మానేసి వారాలు మొదలుపెట్టాడు. ఇక్కడ ఇంకో చిక్కు. అతను లెక్కపెడుతున్నది విమానం దిగిన తేదీ నుంచి. కంపెనీ లెక్కపెడుతున్నది పనిలో చేరిన తేదీ నుంచి. జేబులోని ఎమిరేట్స్ ఐడీ మీద గడువు తేదీ మూడోది. ఐడీ మీది తేదీ వీసాది, కాంట్రాక్టుది కాదు. కాంట్రాక్టు మొదలైన తేదీ, ముగిసే తేదీ అక్కడి కార్మిక మంత్రిత్వ శాఖ యాప్‌లో చూసుకోవచ్చు. గదిలో కాస్త చదువుకున్న మలయాళీ కుర్రాడు ఫోన్‌లో తీసి చూపిస్తే తన లెక్కకు, కంపెనీ లెక్కకు మూడు వారాల తేడా తేలింది.

“ఎప్పుడొస్తున్నవ్?” అని భార్య అడిగినప్పుడల్లా చెప్పిన తేదీ మళ్లీ జరిగింది. “ఇంక మూడు వారాలు ఆగాలె.”

“రెండేండ్లు ఆగినోళ్లం, మూడు వారాలు ఆగలేమా? నువ్వైతే కాయితం చేతిల పట్టుకుని రా” అంది ఆమె. తమ్ముడి వరస బంధువొకడు మూడేళ్ల కింద సెటిల్‌మెంటు లేకుండా ఉత్త చేతులతో దిగిన సంగతి ఆమె మర్చిపోలేదు.

గడువు తేదీ రాగానే కాంట్రాక్టు దానంతటదే ముగిసి టికెట్ చేతికొస్తుందని చాలామంది అనుకుంటారు. అలా జరగదు. తేదీ దాటాక కూడా ఇద్దరూ ఏమీ అనకుండా పని సాగిపోతే పాత షరతుల మీదనే కాంట్రాక్టు పొడిగించినట్టు అవుతుంది. కాబట్టి పోదలచినవాడు ముందే కాగితం మీద చెప్పాలి. నోటీసు కాలం కాంట్రాక్టులోనే రాసి ఉంటుంది, అది 30 రోజులకు తగ్గదు, 90 రోజులకు మించదు. నోటిమాటగా ఫోర్‌మన్‌కు చెప్పినది చెల్లదు. ఆఫీసులో ఇచ్చి, ఇచ్చిన కాగితానికి ఫోన్‌లో ఫోటో తీసుకోవాలి.

ఆఫీసులో పీఆర్ఓ ఒకటే అడుగుతాడు. “ఛుట్టీయా, క్యాన్సలా?” ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం చాలామందికి అక్కడే మొదటిసారి ఎదురవుతుంది. ఛుట్టీ అంటే సెలవు మీద ఇంటికి పోయి తిరిగి రావడం. ఉద్యోగం సాగుతున్నట్టే లెక్క, సర్వీసు డబ్బు కంపెనీ దగ్గరే ఉంటుంది. క్యాన్సల్ అంటే లేబర్ కార్డు, వీసా రద్దు చేసుకుని లెక్క తేల్చుకోవడం. ఛుట్టీకని వచ్చి ఊళ్లోనే ఆగిపోయినవాళ్లు ఆ డబ్బు కోసం ఇక్కణ్నుంచి ఫోన్లు చేసి అలిసిపోతారు. మళ్లీ పోయే ఉద్దేశం లేకపోతే క్యాన్సల్ చేసుకునే రావాలి.

అసలు ఎంత డబ్బు అది? 2022 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్న యూఏఈ కార్మిక చట్టం ప్రకారం ఏడాది దాటి పనిచేసినవాడికి మొదటి ఐదేళ్లలో ఒక్కో ఏడాదికి 21 రోజుల బేసిక్ జీతం గ్రాట్యుటీగా రావాలి. బేసిక్ 800 అయితే ఏడాదికి 560 దిర్హాలు, రెండేళ్లకు 1,120. ఏడాదికి 30 రోజుల జీతంతో కూడిన సెలవు కూడా అతని హక్కు. రెండేళ్లలో ఒక్క రోజూ వాడుకోలేదు కాబట్టి ఆ 60 రోజులకు బేసిక్ మీద 1,600 దిర్హాలు. రెండూ కలిపితే 2,720. మన డబ్బులో 62,560 రూపాయలు. ఇంటి ఖర్చు పోను నెలకు 10,400 మిగుల్చుకున్న మనిషికి ఇది సరిగ్గా ఆరు నెలల మిగులు. ఇది కాక గడువు ముగిసి ఇంటికి పోతున్నవాడికి తిరుగు టికెట్ కంపెనీదే, అతను అక్కడే వేరే కంపెనీలో చేరకపోతే. ఇదంతా కాంట్రాక్టు ముగిసిన 14 రోజుల్లోగా చెల్లించాలి.

ఈ ఆరు నెలల డబ్బు ఒక్క సంతకంతో పోగలదు. క్యాన్సల్ చేసేటప్పుడు “నాకు రావాల్సినవన్నీ ముట్టాయి” అని ఒక కాగితం ముందు పెడతారు. అరబిక్‌లో, ఇంగ్లిషులో ఉంటుంది. డబ్బు విమానాశ్రయంలో ఇస్తామంటారు, లేదా ఊరికి పంపుతామంటారు. ఇంటికి పోయే తొందరలో ఉన్నవాడు, రేపే టికెట్ అంటే దేనిమీదైనా సంతకం పెడతాడు. సంతకం పడ్డాక ఫిర్యాదుకు బలం ఉండదు. ముందు డబ్బు, తర్వాత సంతకం, ఈ వరస తప్పకూడదు. ఇవ్వనంటే మంత్రిత్వ శాఖలో ఫిర్యాదు చేయవచ్చు, 50,000 దిర్హాల లోపు తగాదాలను 2024 నుంచి ఆ శాఖే విచారించి తేల్చేస్తోంది. భాష అడ్డమైతే దుబాయ్‌లో మన ప్రభుత్వం నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. టోల్ ఫ్రీ నంబరు 80046342. క్యాంపుల్లో ఈ నంబరు తెలిసినవాళ్లు ఉంటారు గానీ, తెలిసింది తమ దగ్గరే పెట్టుకునేవాళ్లూ ఉంటారు.

మనవాడి కంపెనీ మరీ చెడ్డది కాదు. లెక్క కట్టి ఇచ్చింది. ఆ చీటీ చూసినప్పుడే అతనికి 800, 200 గుట్టు తెలిసింది. బేసిక్కే వెయ్యి ఉంటే చీటీ మీద 2,720కి బదులు 3,400 ఉండేది. ఓటీలో నెలనెలా పోయిన 54 దిర్హాలు అదనం. “అన్నా, జీతం వెయ్యే కదా, మరిదేంది?” అని అడిగితే పక్క మంచం ఆర్మూరాయన “వెయ్యి నీ నోట్ల ఉంది తమ్మీ, కాయితంల ఎనిమిది వందలే ఉంది” అన్నాడట.

మొత్తం లెక్క చివరికి ఇలా తేలింది. ఇరవై నాలుగు నెలల్లో అప్పు తీరాక మిగిలిన పది నెలల పొదుపు లక్షకు కాస్త పైన. సెటిల్‌మెంటు 62,560. రెండూ కలిపితే లక్షా డెబ్భై వేలకు దగ్గర. బంధువులకు అత్తర్లు, కూతురికి బొమ్మలు, తనకో ఫోను పోతే లక్షన్నర. రెండేళ్ల గల్ఫ్ సంపాదన ఇది. బోరు మళ్లీ వేయాలంటే, ఇంటికి స్లాబు పోయాలంటే చాలదు.

అందుకే పల్లెల్లో దుబాయ్ నుంచి వచ్చినవాళ్లలో చాలామంది రెండు మూడు నెలలకే మళ్లీ ఎక్కుతారు. దీన్ని ఆశ అనేవాళ్లున్నారు, అలవాటు అనేవాళ్లున్నారు. నాకు మాత్రం ఇది కూడికలు తీసివేతల సంగతిగానే కనిపిస్తుంది. మొదటి కాంట్రాక్టులో సగానికి పైగా అప్పుకు పోయింది. అదే కంపెనీ మళ్లీ పిలిస్తే ఏజెంటు లేడు, లక్ష లేదు, మిత్తి లేదు. రెండో ఇరవై నాలుగు జీతాలూ పూర్తిగా తనవే. మొదటి రెండేళ్లు దారి ఖర్చు, సంపాదన మొదలయ్యేది మూడో ఏట. అప్పటికి కూతురు పెద్దదవుతుంది, ఇంకో ఖర్చు ఎదురొస్తుంది, మూడో కాంట్రాక్టు అవసరమవుతుంది. రెండేళ్లని పోయినవాళ్లు పదేళ్లు, పదిహేనేళ్లు ఉండిపోవడం ఇలాగే జరుగుతుంది.

మనవాడిని కూడా కంపెనీ పిలిచింది. జీతం రెండు వందలు పెంచుతామని వాట్సాప్‌లో పీఆర్ఓ మెసేజీ పెట్టాడు. ఈసారి అతను వెంటనే సరే అనలేదు. పెంచే రెండు వందలు బేసిక్‌లో కలుపుతారా, అలవెన్సులోనా అని తిరిగి అడిగాడు. రెండు రోజులకు జవాబు వచ్చింది. వంద బేసిక్‌లో, వంద అలవెన్సులో.